ఏ బాధా లేనివాళ్లను పిలిచేలా ఉండాలి షుగర్ క్యాంప్ పోస్టర్

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ భవానీపురం. మా కాలనీ సంఘం తరఫున నలభై దాటినవాళ్లకి ఉచిత షుగర్ క్యాంప్ పెడుతున్నాం, ఉదయం 10 నుంచి ఒంటిగంట వరకు. పోస్టర్ మీద ‘అతిదాహమా? అతిమూత్రమా? మధుమేహ నిర్ధారణ శిబిరానికి రండి’ అని వేద్దామనుకుంటున్నాం. ఇంకా మంచి స్లోగన్ ఉంటే చెప్పండి.

డాక్టర్ సలహా: ముందు ఆ దాహం, మూత్రం మాటలు తీసేయండి. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటాకే అది మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది, దానివల్లే దాహం. అదే పరగడుపున 135 ఉన్న మనిషికి షుగర్ ఉన్నట్టే లెక్క (126 నుంచి షుగర్ అంటాం), అయినా ఆయనకి దాహం ఉండకపోవచ్చు, హాయిగా భోంచేసి నిద్రపోతుంటాడు. మీ పోస్టర్ చదివి ‘నాకు ఇవేం లేవుగా’ అనుకుని ముందుకు నడిచి వెళ్లిపోతాడు. మీరు పట్టుకోవాల్సింది ఆయన్నే. కాబట్టి నేనైతే పైన పెద్ద అక్షరాలతో ఇలా వేస్తాను:

నలభై దాటిందా? ఏ బాధా లేదా? అయినా షుగర్ చూపించుకోండి!

మధుమేహం అని కాకుండా షుగర్ అనే రాయండి, బజార్లో ఎవరిని అడిగినా ఆ మాటే అంటారు. కాలు తీసేసిన బొమ్మలు, ‘కళ్లు పోతాయి’ లాంటి మాటలు కూడా వద్దు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ‘తెలిస్తే టెన్షన్, తెలియకపోతేనే నయం’ అనేవాళ్లు చాలామంది, భయపెడితే వాళ్లు ఇంకా దూరం జరుగుతారు.

రెండోది ‘నిర్ధారణ’ అనే మాట. వేలి చుక్కతో మీటర్ మీద చేసేది అనుమానం ఉన్నవాళ్లను వేరు చేసే పరీక్ష మాత్రమే, నిర్ధారణ ల్యాబ్‌లోనే జరగాలి. ఈ తేడా చెప్పకపోతే ఏమవుతుందో నా పేషెంట్ ఒకాయన సంగతి చెబుతాను. నలభై ఆరేళ్ల వ్యాపారి, ఒక క్యాంప్‌లో పదకొండు గంటలకి, ఇడ్లీ తిని కాఫీ తాగి వెళ్తే మీటర్‌లో 168 వచ్చింది. ‘మీకు షుగర్ వచ్చేసింది’ అని నోటిమాటగా చెప్పి పంపేశారు, ఎంతసేపటి క్రితం తిన్నారని కూడా అడగలేదు. ఆయన వాళ్లన్నయ్య వాడే మాత్ర వేసుకుని, సాయంత్రానికి చెమటలు పట్టి, చేతులు వణికి నా దగ్గరికి వచ్చారు, అది షుగర్ పడిపోవడం. తర్వాత ల్యాబ్‌లో చేయిస్తే పరగడుపు 108, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అంటే షుగర్ అంచున ఉన్నారు (హెచ్‌బీఏ1సీ 6.5 నుంచి షుగర్), అప్పటికి ఆయనకి మాత్ర అవసరమే లేదు, తిండిలో మార్పు, రోజూ నడక, ఏడాదికోసారి పరీక్ష చాలు.

అందుకే ‘ఉచిత షుగర్ పరీక్ష’ అని మాత్రం వేయండి. వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ ఒక చీటీ ఇవ్వండి, అందులో ఎన్ని గంటలకి చూశారు, తిని ఎంతసేపైంది, ఎంత వచ్చింది రాసి ఉండాలి. తిన్నాక ఎప్పుడైనా చూస్తే 140 దాటినవాళ్లను ల్యాబ్ పరీక్షకి పంపండి, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం పేరు ఆ చీటీ మీదే ముద్రించండి.

ఇక టైము. పదింటి క్యాంప్‌కి ‘పరగడుపున రండి’ అని రాస్తే, మన విజయవాడ ఎండలో పెద్దవాళ్లు పన్నెండింటి దాకా ఖాళీ కడుపుతో వరసలో నిలబడాలి, అది ప్రమాదం. సగం మంది టీ తాగి వచ్చి ‘ఏమీ తినలేదండీ’ అంటారు, టీలో చక్కెర వాళ్లకి లెక్కలోకి రాదు మరి. మీకు వీలైతే క్యాంప్ ఆరున్నర నుంచి తొమ్మిది లోపు పెట్టండి, అప్పుడు పోస్టర్ కింది లైను ఇలా ఉండాలి:

రాత్రి 10 తర్వాత ఏమీ తినకండి, టీ కాఫీలు కూడా వద్దు. మంచినీళ్లు తాగొచ్చు. ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు పరగడుపున రావద్దు.

ఈ చివరి మాట తప్పకుండా ఉంచండి, మాత్ర వేసుకునో ఇన్సులిన్ తీసుకునో తినకుండా వస్తే వరసలోనే కళ్లు తిరిగి పడిపోవచ్చు. పైగా ఉచితం అనగానే ముందు వచ్చేది షుగర్ ఉందని తెలిసినవాళ్లే, స్ట్రిప్పులన్నీ వాళ్లకే అయిపోతే కొత్తవాళ్లకి మిగలవు. టైము మార్చడం కుదరకపోతే ‘తిని వచ్చినా ఫర్వాలేదు’ అని వేసి, పైన చెప్పిన 140 లెక్క పాటించండి.

పోస్టర్ మీద కాకపోయినా టేబుల్ దగ్గర ఒక బకెట్ నీళ్లు, సబ్బు, తుడుచుకోవడానికి శుభ్రమైన టిష్యూలు పెట్టండి. వేలికి మామిడిపండు రసమో ప్రసాదం తీపో అంటుకుని ఉంటే, రక్తంలో లేని షుగర్ కూడా మీటర్‌లో కనిపిస్తుంది.