లైన్ లాస్ ఏ కరెంటుతో లెక్కెయ్యాలి? రాయగడ నుంచి వచ్చిన ప్రశ్న

ప్రశ్న: సార్, మాది రాయగడ. బీటెక్ ఈఈఈ ఫైనల్ ఇయర్. గేట్ రాసి పవర్‌గ్రిడ్‌కో, ఒడిశా ట్రాన్స్‌మిషన్ సంస్థ ఓపీటీసీఎల్‌కో వెళ్ళాలని ఉంది. మాక్ ఇంటర్వ్యూలో 150 కిలోమీటర్ల లైన్‌కి రెగ్యులేషన్, లాసెస్ ఎలా లెక్కేస్తావని అడిగారు. ఏబీసీడీ ఫార్ములాలు గడగడా చెప్పాను. "లాస్ ఏ కరెంటుతో?" అనగానే ఆగిపోయాను. ఇదంతా వదిలేసి హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమని మామయ్య అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయినందుకు బ్రాంచ్ మార్చేసుకోకు తమ్ముడూ. నీకు ఫార్ములాలు వచ్చు, వాటి వెనకున్న బొమ్మ రాలేదు, అంతే. అది కూర్చుని పెన్నుతో ఒక లెక్క పూర్తిగా చేస్తే వచ్చేస్తుంది, కాబట్టి ఇక్కడే చేద్దాం.

మీ జిల్లాలోని తెరువలి సబ్‌స్టేషన్ లాంటి చోట దిగే 220 కేవీ లైన్ ఒకటి ఊహించుకో. పొడవు 150 కిలోమీటర్లు, చివర 100 మెగావాట్ల లోడు, పవర్ ఫ్యాక్టర్ 0.9 ల్యాగింగ్, అక్కడ వోల్టేజ్ సరిగ్గా 220 కేవీ. కిలోమీటరుకి రెసిస్టెన్స్ 0.08 ఓమ్, రియాక్టెన్స్ 0.4 ఓమ్, కెపాసిటెన్స్ వల్ల వచ్చే ససెప్టెన్స్ 2.8 మైక్రో సీమెన్స్ అనుకుందాం. (జీబ్రా కండక్టర్‌కి టేబుల్‌లో సుమారు 0.069 ఓమ్ ఉంటుంది కదా అంటావేమో, అది 20 డిగ్రీల దగ్గర డీసీ విలువ. లోడు మీద వేడెక్కిన తీగకి 0.08 దగ్గరగా ఉంటుంది. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పగలిగితే అవతలివాళ్ళు తలెత్తి చూస్తారు.)

ఈ పొడవు లైన్‌కి వాడే బొమ్మ పేరు నామినల్ పై. అంటే లైన్ కెపాసిటెన్స్ మొత్తాన్ని రెండు సగాలు చేసి సెండింగ్ ఎండ్‌లో ఒకటి, రిసీవింగ్ ఎండ్‌లో ఒకటి పెట్టి, మధ్యలో R, X లను సిరీస్‌లో ఉంచడం. ఏబీసీడీలు ఆ బొమ్మ నుంచి పుట్టినవే.

```
Z = 12 + j60 Ω        Y = j0.00042 S
A = D = 1 + ZY/2 = 0.9874 + j0.0025
B = Z
C = Y(1 + ZY/4)
Vs = A·Vr + B·Ir
Is = C·Vr + D·Ir
```

లెక్కలో దిగేముందు `AD − BC = 1` వస్తుందో లేదో చూసుకో, రాకపోతే ఎక్కడో Y/2 వెయ్యాల్సిన చోట Y వేసి ఉంటావు. ఇక అంతా పర్ ఫేజ్‌లోనే. Vr అంటే 220 కాదు, దాన్ని √3తో భాగిస్తే వచ్చే 127.02 కేవీ. లోడు కరెంటు 291.6 ఆంపియర్లు, ల్యాగింగ్ కాబట్టి `262.4 − j127.1`. ఇవి పెడితే Vs `136.19 + j14.54` కేవీ, అంటే లైన్ వోల్టేజ్‌గా 237.2 కేవీ.

చాలామంది ఇక్కడ ఆగి, 237.2 లోంచి 220 తీసేసి, 220తో భాగించి రెగ్యులేషన్ 7.8 శాతం అని రాసేస్తారు. అది ఆ లోడు మీద రెండు చివరల మధ్య తేడా మాత్రమే. రెగ్యులేషన్ అంటే, సెండింగ్ ఎండ్‌ని అక్కడే ఉంచి లోడు మొత్తం తీసేస్తే రిసీవింగ్ ఎండ్ వోల్టేజ్ ఎంతకి ఎగబాకుతుంది అని. లోడు లేనప్పుడు Ir సున్నా, కాబట్టి Vrని `|Vs|/|A|` ఇస్తుంది. 237.2ని 0.9874తో భాగిస్తే 240.3 కేవీ. అంటే రెగ్యులేషన్ 9.2 శాతం. పంపిన దానికంటే చివర ఎక్కువ కనిపించడం ఫెరాంటీ ఎఫెక్ట్. 220 కేవీ సిస్టమ్‌కి గరిష్ఠ పరిమితి 245 కేవీ, రాత్రి లోడు పడిపోయినప్పుడు దానికి ఎంత దగ్గరికి వెళ్తున్నామో చెప్పేది ఈ రెండో అంకె.

ఇప్పుడు నిన్ను ఆపిన ప్రశ్న. బొమ్మలో R ఎక్కడుంది? మధ్యలో. దానిలోంచి పోయేది Ir కాదు, Is కూడా కాదు. రిసీవింగ్ ఎండ్‌లో ఉన్న సగం కెపాసిటర్ లోడుకి కావలసిన రియాక్టివ్ కరెంటులో కొంత అక్కడికక్కడే ఇచ్చేస్తోంది, అందుకని మధ్య బ్రాంచ్ మీద భారం తగ్గుతుంది.

```
I = Ir + (Y/2)·Vr
  = 262.4 − j127.1 + j26.7
  = 262.4 − j100.4   →  281 A
Loss = 3 × 281² × 12 = 2.84 MW
```

Irతో లెక్కేస్తే 3.06 మెగావాట్లు వస్తుంది, Isతో (అది 269 ఆంపియర్లు) అయితే 2.61. ఏది నిజమో తేల్చుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, సెండింగ్ ఎండ్‌లో `3·Re(Vs·Is*)` లెక్కేసి చూడు, 102.84 మెగావాట్లు వస్తుంది. అందులోంచి లోడు 100 తీసేస్తే 2.84. ఇంటర్వ్యూలో ఈ సరిచూపు నోటితో చెప్పినా చాలు. లోడు తీసేసిన స్థితిని కూడా చూడు, Ir సున్నా కాబట్టి Irతో వేస్తే లాస్ కూడా సున్నా అవుతుంది, కానీ మధ్య బ్రాంచ్‌లో 29 ఆంపియర్ల ఛార్జింగ్ కరెంటు పోతూనే ఉంటుంది, 30 కిలోవాట్ల పైచిలుకు వేడిగా పోతుంది. అసలు లైన్‌లో కరెంటు ఈ చివర 269 నుంచి ఆ చివర 292 వరకు కొంచెం కొంచెంగా మారుతుంది, ఆ మొత్తానికి బదులు మధ్యలో ఒక్క 281 పెట్టుకున్నాం. 150 కిలోమీటర్లకి ఈ సర్దుబాటు బాగానే సరిపోతుంది, పుస్తకాలు సుమారు 80 నుంచి 250 వరకు దీన్నే వాడమంటాయి. 400 కిలోమీటర్లకి మాత్రం వాడకు, అక్కడ హైపర్‌బోలిక్ రూపం కావాలి. ఇంకో సంగతి, ఈ 2.84లో కరోనా లాస్, ఇన్సులేటర్ల లీకేజీ లేవు, Yలో కండక్టెన్స్ వదిలేశాం కాబట్టి. మీటర్ రీడింగ్ కొంచెం ఎక్కువ చూపిస్తే మోడల్ తప్పిందని కంగారుపడకూడదు.

ఇక నీ దారి సంగతి. గేట్‌లో న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకి ఆప్షన్లు ఉండవు, 7.8 రాస్తే మార్కు పోయినట్టే. స్క్రీన్ మీద ఇచ్చే క్యాలిక్యులేటర్‌లో కాంప్లెక్స్ నంబర్ల మోడ్ లేదు, ఇంట్లో వాడే క్యాలిక్యులేటర్‌కి అలవాటుపడితే అక్కడ టెన్షన్ పడతావు. అందుకే పైన చేసినట్టు రియల్, ఇమాజినరీ విడివిడిగా రాసే అలవాటు ఇప్పుడే చేసుకో. పవర్‌గ్రిడ్ గేట్ ఈఈ స్కోరుతో ఇంజినీర్ ట్రైనీలను తీసుకుంటుంది. ఓపీటీసీఎల్ కూడా గేట్ స్కోరుతో తీసుకున్న సందర్భాలున్నాయి, అయితే ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి, అందులో ఒడియా చదవడం రాయడం గురించిన షరతుంటే దానికి తగిన సర్టిఫికెట్ ముందే సిద్ధం చేసుకో. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు చివరి నిమిషంలో పరుగులు పెట్టేది ఇక్కడే.

మామయ్యగారికి చెప్పు, ఈ గేట్ అయ్యేదాకా ఆగమని. ఈలోగా ఇదే లైన్‌కి పవర్ ఫ్యాక్టర్ 0.9 లీడింగ్ పెట్టి మళ్ళీ లెక్కెయ్యి. అప్పుడు మధ్య బ్రాంచ్ కరెంటు లోడు కరెంటు కంటే ఎక్కువ రావాలి. ఎందుకో రెండు వాక్యాల్లో రాయగలిగితే ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న నిన్ను ఇంక ఆపలేదు. కుదరకపోతే నీ లెక్క ఫోటో తీసి పంపు, ఎక్కడ తప్పిందో చూస్తాను.