చాట్‌బాట్‌కి డాక్యుమెంట్లు ఎక్కించే ఉద్యోగం... చేరాలా, వద్దా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను సార్. ఒక కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. వాళ్ల కస్టమర్ సపోర్ట్ చాట్‌బాట్‌కి మారిన డాక్యుమెంట్లు మళ్లీ ఎక్కించడం, పాతబడ్డ జవాబులు తీసేయడం పని. ‘అది డేటా ఎంట్రీ, టైమ్ వేస్ట్’ అంటున్నారు ఫ్రెండ్స్. చేరాలా? చేరితే ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: చేరండి. కాకపోతే ఆఫర్‌కి ఒప్పుకునే ముందు వాళ్లని రెండు విషయాలు అడగండి. బాట్ జవాబుల కోసం వెతికే ఇండెక్స్‌లో ఏముందో నేరుగా చూసే యాక్సెస్ ఇస్తారా? బాట్ ఏ జవాబు చెప్పడానికి ఏ డాక్యుమెంట్‌లోని ఏ ముక్కను తీసుకుందో చూపించే లాగ్ మీకు అందుబాటులో ఉంటుందా? రెండింటికీ ‘లేదు, మీరు ఫైల్ అప్‌లోడ్ చేస్తే చాలు’ అన్నారంటే మీ ఫ్రెండ్స్ చెప్పిందే నిజం. ఒక్కదానికైనా ‘ఉంటుంది’ అంటే మాత్రం నేర్చుకోవడానికి మంచి చోటే.

ఎందుకో చెప్పాలంటే నేను చూసిన ఒక గొడవ చెప్పాలి. కౌన్సెలింగ్‌కి రాకముందు కొన్నాళ్లు ఒక సపోర్ట్ టీమ్‌లో పనిచేశాను. కొన్న వస్తువు వాపసు చేసే గడువును కంపెనీ 30 రోజుల నుంచి 14 రోజులకు తగ్గించింది. వెబ్ పేజీ మార్చారు, మారిన పేజీని బాట్‌కి ఎక్కించారు. వారం తర్వాత ఒక కస్టమర్ స్క్రీన్‌షాట్ పట్టుకుని వచ్చాడు. అందులో బాట్ ‘30 రోజుల్లోపు వాపసు చేయవచ్చు’ అని చెబుతోంది. ‘మోడల్ సొంతంగా అల్లేస్తోంది’ అని అందరం మోడల్ మీద పడ్డాం. పేజీని మళ్లీ ఎక్కించాం, మరోసారి ఎక్కించాం. ఎక్కించిన ప్రతిసారీ లాగ్‌లో ‘6 అప్‌డేట్ అయ్యాయి, 0 ఎర్రర్లు’ అని చక్కగా వచ్చేది. బాట్ మాత్రం 30 దగ్గరే ఉంది.

అప్పుడే చేరిన కుర్రాడొకడు, ఆ ప్రశ్నకి ఇండెక్స్ నుంచి వచ్చిన ముక్కలను వాటి ఐడీలతో సహా స్క్రీన్ మీద ప్రింట్ చేశాడు. అందరికంటే పైన ఉన్న ముక్క పేరు `returns#7`. కొత్త పేజీలో ఉన్నవి ఆరే ముక్కలు, `returns#0` నుంచి `returns#5` దాకా. మరి ఏడో నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇలాంటి బాట్ డాక్యుమెంట్ మొత్తాన్ని ప్రతిసారీ చదవదు. ముందే దాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ దాని అర్థాన్ని బట్టి ఒక అంకెల వరుసగా మార్చి దాచుకుంటారు. దాన్నే ఎంబెడింగ్ అంటారు. కస్టమర్ ప్రశ్న అడిగితే దానికి దగ్గరగా ఉన్న నాలుగైదు ముక్కలను తీసి మోడల్ చేతిలో పెడతారు. వాటిలో ఏది పాతదో ఏది కొత్తదో మనం చెబితే తప్ప మోడల్‌కి తెలియదు.

పాత పేజీ పొడుగ్గా ఉండేది, తొమ్మిది ముక్కలయ్యేది. దాన్ని కుదించి రాస్తే ఆరయ్యాయి. మా స్క్రిప్ట్ అదే నంబర్ ఉన్న పాత ముక్క మీద కొత్త ముక్కను రాస్తూ పోయేది. 0 నుంచి 5 వరకు కొత్తవి వచ్చాయి. 6, 7, 8 మీద రాయడానికి ఏమీ లేదు కాబట్టి అవి అక్కడే ఉండిపోయాయి. పైగా `returns#7` ప్రశ్న-జవాబు రూపంలో ఉంది: ‘ఎన్ని రోజుల్లో వాపసు చేయాలి? 30 రోజుల్లోపు.’ కొత్త పేజీలో 14 రోజుల మాట ఒక పట్టికలో ఎక్కడో ఉంది. కస్టమర్ అడిగే తీరుకి పాత ముక్కే దగ్గర, అందుకే ప్రతిసారీ అదే పైకొచ్చేది. స్క్రిప్ట్ అబద్ధం చెప్పలేదు, ఆరు ముక్కలు నిజంగానే అప్‌డేట్ అయ్యాయి. మిగిలిపోయిన మూడింటి గురించి దాన్ని ఎవరూ అడగలేదంతే.

కొత్త ముక్కలను ముందు ఒక పక్క టేబుల్‌లో పూర్తిగా తయారు చేసుకుని, ఆ డాక్యుమెంట్‌కి చెందిన పాతవన్నీ తీసేసి, కొత్తవి పెట్టడమే దీనికి మందు. పోస్ట్‌గ్రెస్‌లో పెట్టుకుంటే ఇలా ఉంటుంది:

```sql
BEGIN;
DELETE FROM chunks WHERE doc_id = 'returns';
INSERT INTO chunks (doc_id, chunk_no, body, embedding)
SELECT doc_id, chunk_no, body, embedding
FROM new_chunks WHERE doc_id = 'returns';
COMMIT;
```

`COMMIT` అయ్యేదాకా బాట్‌కి పాత పేజీ మొత్తం కనిపిస్తుంది, అయ్యాక కొత్తది మొత్తం కనిపిస్తుంది. సగం పాత, సగం కొత్త అనే స్థితి ఉండదు. ఎంబెడింగ్‌లు ముందే ఎందుకు తయారు చేసుకోవాలంటే, పాతవి తీసేసి `COMMIT` చేశాక ఆ పని మొదలుపెడితే, మధ్యలో నెట్‌వర్క్ తెగినప్పుడు పాతవి పోయి కొత్తవి రాక బాట్ నోరెళ్లబెడుతుంది. ఒక్కో ముక్కకీ `doc_id` రాసి ఉంచకపోతే మాత్రం ఇదేదీ కుదరదు. మొదటి వారంలోనే అది ఉందో లేదో చూసుకోండి.

ఇక ఏ డాక్యుమెంట్ మారిందో తెలుసుకునేదెలా? చాలామంది ఫైల్ మార్పు తేదీ చూస్తారు. నాకు దాని మీద నమ్మకం లేదు. ఎవరో ఫైల్ తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ చేసినా తేదీ మారుతుంది. వేరే ఫోల్డర్ నుంచి కాపీ చేసిన కొత్త ఫైల్ పాత తేదీతోనే రావచ్చు. దానికంటే డాక్యుమెంట్ పాఠానికి SHA-256 లాంటి హ్యాష్ కట్టి దాచుకుని, తర్వాతిసారి వచ్చిన హ్యాష్‌తో పోల్చడం నయం. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. అదే దీనితో చిక్కు కూడా. పేజీ అడుగున ఉండే సంవత్సరం మారితే సైట్‌లోని పేజీలన్నీ ‘మారినట్టు’ తేలతాయి. కాబట్టి మెనూలు, అడుగు భాగం, ‘చివరిసారి మార్చిన తేదీ’ లాంటివి తీసేసిన తర్వాతే హ్యాష్ కట్టాలి. ఎంబెడింగ్ మోడల్‌ని మార్చినప్పుడు పాఠం మారకపోయినా అన్నీ మళ్లీ ఎక్కించక తప్పదు. ఒక మోడల్ ఇచ్చిన అంకెలను ఇంకో మోడల్ అంకెలతో పోల్చడంలో అర్థం లేదు.

మారిన పేజీల సంగతి అది. అసలు తీసేసిన పేజీల సంగతి వేరు. ‘నిన్నటి నుంచి మారినవి ఇవ్వు’ అని అడిగితే, లేని పేజీ ఆ జాబితాలో ఎలా వస్తుంది? రాదు. మూలంలో ఇప్పుడున్న పేజీల జాబితా ఒక పక్క, ఇండెక్స్‌లో ఉన్న `doc_id`ల జాబితా ఒక పక్క పెట్టుకుని, రెండోదాంట్లో ఉండి మొదటిదాంట్లో లేనివాటిని తీసేయాలి. ఇక్కడ జాగ్రత్త. లాగిన్ గడువు తీరిపోయి మూలం జాబితా ఖాళీగా వచ్చిందనుకోండి, స్క్రిప్ట్ దృష్టిలో పేజీలన్నీ పోయినట్టే. రాత్రికి రాత్రి నాలెడ్జ్ బేస్ మొత్తం ఊడ్చుకుపోతుంది. అందుకే ఒకే విడతలో, ఉదాహరణకి, నూటికి ఐదు కంటే ఎక్కువ తీసేయాల్సి వస్తే స్క్రిప్ట్ ఆగిపోయి మనిషిని అడిగేలా రాయాలి. ఆ ఐదు అనేది శాస్త్రమేమీ కాదు, మీ దగ్గర పేజీలు ఎంత తరచుగా పోతాయో చూసి పెట్టుకోండి.

మా గొడవ అంతటితో తీరలేదు. ఆ మూడు ముక్కలూ తీసేశాక కూడా కొందరికి 30 రోజులనే జవాబు వెళ్లింది. తరచూ అడిగే ప్రశ్నలకు జవాబును ఒకసారి తయారు చేసి దాచి, మళ్లీ అడిగితే అదే ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఇండెక్స్ బాగుపడినా ఆ దాచిన జవాబులు బాగుపడవు కదా. ఒక్కో జవాబు పక్కన అది ఏ `doc_id` నుంచి వచ్చిందో రాసిపెట్టుకుంటే, ఆ డాక్యుమెంట్ మారినప్పుడు దాని జవాబులు కూడా తీసేయొచ్చు. మా దగ్గర ఆ వివరం లేక మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇంకోటి బయటపడింది. కొత్త కస్టమర్లకి పంపే పరిచయ పీడీఎఫ్‌లో కూడా ‘30 రోజులు’ అని ఉంది. ఆ ఫైల్‌ని ఎవరూ ముట్టుకోలేదు, దాని హ్యాష్ మారలేదు, కాబట్టి ఏ స్క్రిప్టూ దాన్ని పట్టుకోలేదు. ఫైల్ మారలేదు గానీ అందులో ఉన్న మాట పాతబడింది. ఇది పట్టుకోవడానికి మనిషే కావాలి. ఒక నియమం మారిందని తెలియగానే ఇండెక్స్‌లో పాత అంకె కోసం మామూలు పద వెతుకులాట చేయాలి. ‘30 రోజు’, ‘ముప్పై రోజు’, ‘నెల రోజు’ మూడూ వెతకాలి. దొరికిన ప్రతి చోటికీ బాధ్యులెవరో కనుక్కుని దిద్దించాలి. మీ ఫ్రెండ్స్ డేటా ఎంట్రీ అంటున్న పనిలో అసలు బుర్ర పెట్టాల్సింది ఇక్కడే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. చేరేలోపు SQL బాగా వచ్చి ఉండాలి. పైథాన్‌లో ఫైళ్లు చదివి హ్యాష్ కట్టే పాటి వస్తే చాలు, `hashlib` దానికి సరిపోతుంది. మోడల్ లోపల గణితం ఎలా నడుస్తుందో ప్రస్తుతానికి పక్కన పెట్టినా నష్టం లేదు. దాని బదులు ఒక వారాంతం కూర్చుని ఈ చిన్న పని చేయండి. ఏవైనా ఇరవై టెక్స్ట్ ఫైళ్లు తీసుకుని ఇండెక్స్ చేయండి. తర్వాత ఒక ఫైల్‌ని సగానికి కుదించండి, ఒకదాన్ని డిలీట్ చేయండి, ఇంకోదాంట్లో అడుగున ఉన్న తేదీ మాత్రమే మార్చండి. మీ స్క్రిప్ట్ మళ్లీ నడిపాక కుదించిన ఫైల్ పాత ముక్క ఒక్కటీ మిగలకూడదు, డిలీట్ చేసినది వెతికితే రాకూడదు, తేదీ మారినదాన్ని అసలు ముట్టుకోకూడదు. మొదటి ప్రయత్నంలో మూడూ సరిగ్గా రావడం అరుదు.

దానికి ఒక పరీక్ష పట్టిక కూడా జోడించండి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి రావాల్సిన `doc_id`, జవాబులో ఉండకూడని మాట. వాపసు ప్రశ్నకి ఆ ఉండకూడని మాట ‘30’. బాట్ వాక్యం ఎంత అందంగా ఉందో కాదు, ఏ ముక్కలు వచ్చాయో ముందు చూడండి. పాత ముక్క మూడో స్థానంలో వచ్చినా మోడల్ ఈ రోజు సరైన జవాబే చెప్పవచ్చు, అదే ప్రశ్నని రేపు ఇంకోలా అడిగితే తప్పు చెప్పవచ్చు.

ఆరు నెలల తర్వాత రెజ్యూమేలో ‘చాట్‌బాట్ నాలెడ్జ్ బేస్ నిర్వహణ’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. పేజీ కుదించినప్పుడు మిగిలిపోయే ముక్కలను ఎలా కనిపెట్టారు, తీసివేతకి ఏ అడ్డు పెట్టారు, ఎన్ని పాత జవాబులు బయటపడ్డాయి అనేది రాయండి. సెర్చ్, డేటా ఇంజినీరింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అడిగేది దీనికి దగ్గరి సంగతులే. రెండు నెలలు గడిచినా మీ చేతికి అప్‌లోడ్ బటన్ తప్ప ఏమీ ఇవ్వకపోతే, లాగ్ చూపించమని మేనేజర్‌ని ఇంకోసారి అడగండి. అప్పుడూ కాదంటే వేరేచోట వెతుక్కోవడం మొదలుపెట్టండి.