ఎక్సెల్‌లో మిగులు కనబడిందని పర్సనల్ లోన్ తీసుకుంటారా?

ప్రశ్న: సార్, నాకు నెలకు చేతికి 72,000 వస్తుంది. ఇంటి ఖర్చు 34,000, హోమ్ లోన్ ఈఎంఐ 18,000, బాబు ఫీజులు, పాలసీలకు 9,000 పోతాయి. బ్యాంకులో 40,000 ఉంది. రేణిగుంట వైపు స్థలం కోసం 14 శాతం వడ్డీతో ఐదేళ్లకు పర్సనల్ లోన్ అనుకుంటున్నాను. ఎక్సెల్ షీటులో మొదట వేసిన 3 లక్షలను 6 లక్షలు చేస్తే ఆఫీసు కంప్యూటర్‌లో 4,020 మిగులు, ఇంటి ల్యాప్‌టాప్‌లో 2,961 లోటు చూపిస్తోంది. జర్మనీలో ఉన్న మా అమ్మాయి వాట్సాప్‌లో పంపిన ఫార్ములా అసలు పనిచేయలేదు. ఏ లెక్క నమ్మాలి? లోన్ తీసుకోవచ్చా? — ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇంటి ల్యాప్‌టాప్ చూపిన లోటే నిజం. ఈ లోన్ తీసుకోవద్దు. షీటులో కనబడిన మిగులును చూసి సంతకం పెట్టేవారు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు కాబట్టి, తప్పు ఎక్కడ జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను.

మీ షీటులో లోన్ మొత్తం B3లో, వడ్డీ B4లో 14% అని, నెలలు B5లో 60 అని ఉన్నాయనుకుంటే, ఈఎంఐ గడిలో ఉండవలసింది ఇది:

```
=PMT(B4/12,B5,-B3)
```

3 లక్షలకు ఇది 6,980 ఇస్తుంది, 6 లక్షలకు 13,961 ఇస్తుంది. లోన్‌కు ముందు మీకు మిగిలే 11,000 నుంచి మొదటిది తీసేస్తే వచ్చేది సరిగ్గా ఆ 4,020. అంటే ఆఫీసు కంప్యూటర్ మీరు కొట్టిన 6 లక్షలను గడిలో చూపించిందే గాని, దానిమీద ఆధారపడిన ఈఎంఐని మళ్లీ లెక్కించలేదు. పాత ఈఎంఐ అలాగే నిలిచిపోయింది.

దీనికి కారణం ఆ కంప్యూటర్‌లో ఎక్సెల్ Manual పద్ధతిలో ఉండటం. ఈ పద్ధతి ఒక్కొక్క ఫైలుకు విడిగా ఉండదు. ఎక్సెల్ తెరిచాక మొదట ఏ ఫైలు తెరుస్తామో దానిలో ఉన్న పద్ధతే ఆ తరువాత తెరిచే ఫైళ్లన్నింటికీ వర్తిస్తుంది. ఆఫీసుల్లో వేల వరుసలున్న పెద్ద లెడ్జర్ ఫైలు ప్రతి అంకెకూ ఆగిపోతుంటే, ఎవరో ఒకరు దాన్ని Manual చేసి సేవ్ చేస్తారు. ఉదయం ఆ ఫైలు తెరిచి, ఆ పక్కనే మీ షీటు తెరిస్తే మీదీ Manual అయిపోతుంది. అక్కడే సేవ్ చేస్తే ఆ లక్షణం మీ ఫైలుతోపాటు ఇంటికీ వస్తుంది, అంటువ్యాధిలాగా.

గుర్తుపట్టడం సులభమే: అంకె మార్చాక కింద ఎడమవైపు Calculate అనే మాట కనబడితే లెక్క ఇంకా పాతదే. F9 నొక్కితే కొత్త లెక్క వస్తుంది. శాశ్వతంగా సరిచేయాలంటే Formulasలో Calculation Options తెరిచి Automatic ఎంచుకుని సేవ్ చేయండి. Manualలో ఉన్నా సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ మామూలుగా ఒకసారి లెక్క కడుతుంది. కాబట్టి సేవ్ చేయకముందే స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపేవారే ఎక్కువగా మోసపోతారు. ఇంకొక పరీక్ష కూడా ఉంది. లోన్ మొత్తాన్ని సగం చేస్తే ఈఎంఐ కూడా సగం కావాలి. కాకపోతే ఆ షీటును నమ్మవద్దు.

అమ్మాయి పంపిన ఫార్ములా సంగతి వేరు. జర్మనీ సెట్టింగుల్లో కామా దశాంశ గుర్తు కాబట్టి, ఫార్ములాలోని భాగాలను సెమీకోలన్‌తో విడదీస్తారు:

```
=PMT(B4/12;B5;-B3)
```

దీన్ని అక్షరాలుగా అతికిస్తే మన కంప్యూటర్ ఒప్పుకోదు. ఫార్ములాకు బదులు ఫైలునే పంపమనండి. తెరిచినప్పుడు ఎక్సెల్ ఆ గుర్తులను తానే మార్చుకుంటుంది. ఇక్కడ తప్పు కనబడింది కాబట్టి నష్టం లేదు. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో మాత్రం మామూలు గడిలో వడ్డీని 8.5 అని కొడితే అది మే 8వ తేదీగా మారిపోతుంది, అక్కడ 8,5% అనే కొట్టాలి.

ఇక అసలు విషయానికి వస్తే, రెండు కంప్యూటర్లూ ఒకే మాట చెప్పినా నా సలహా మారేది కాదు, ఎందుకంటే మీ షీటులో అత్యవసర నిధి అనే వరుసే లేదు. మీకు నెలకు 61,000 ఖర్చు ఉంది; ఆరు నెలలకు 3,66,000 పక్కన ఉండాలి. మీ దగ్గరున్న 40,000 మూడు వారాలకు కూడా చాలదు. ఈ స్థితిలో స్థలం కోసం 14 శాతానికి అప్పు చేయడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు. జీతం ఒక్క నెల ఆలస్యమైతే రెండు ఈఎంఐలూ కలిసి బౌన్స్ అయ్యే ప్రమాదం ఉంది. మిగులుతున్న 11,000ను నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, మిగతా 3,26,000 కూడటానికి దాదాపు రెండున్నర ఏళ్లు పడుతుంది. స్థలం అప్పటిదాకా ఆగవలసిందే. గోల్డ్ లోన్‌తో కొనవచ్చు కదా అని అడుగుతారేమో, బంగారం కూడా ఆపద కోసమే ఉండాలి. పాలసీల్లో కుటుంబమంతటికీ ఆరోగ్య బీమా ఉందో లేదో కూడా ఈ వారంలోనే చూసుకోండి.

షీటులో ఇంటి ఖర్చు కిందనే ‘అత్యవసర నిధి 11,000’ అని ఒక వరుస చేర్చి, Calculate అనే మాట లేదని చూసుకున్నాక, కొత్త లోన్‌కు ఎంత మిగులుతుందో చూడండి. సున్నా వస్తుంది.