అష్టమంలో ప్లూటో గురించి రాసేముందు

ప్రియమైన తమ్ముడికి,

జంటల జాతకాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "అతని ప్లూటో ఆమె అష్టమంలో పడింది, కాబట్టి అతను ఆమెను ఊపిరాడనివ్వడు" అన్న వాక్యం కింద ఎర్రగీత పెట్టాను. పెళ్లి సంబంధం చూసుకుంటున్న అమ్మాయి ఆ వాక్యం చదివితే ఆ రాత్రి నిద్రపోదు. అంత మాట అనడానికి నువ్వు చూపించిన ఆధారం చాలదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మన సంప్రదాయంలో లగ్నం నుంచి ఎనిమిదో ఇల్లైన అష్టమం ఆయుస్థానం, స్త్రీ జాతకంలో మాంగల్య స్థానం. కళత్ర స్థానమైన సప్తమానికి అది రెండోది కాబట్టి భాగస్వామి ధనాన్నీ అక్కడే చూస్తారు. పాశ్చాత్య జ్యోతిష్కులు ఈ ధనం సంగతికే ఎక్కువ బరువిచ్చి ఉమ్మడి ఆస్తి, అప్పు, వారసత్వం, బీమా, వాటితోపాటు శారీరక సాన్నిహిత్యం అన్నీ అష్టమంలో పెట్టారు. ప్లూటో దొరికింది 1930లో. నవగ్రహాల్లో అది లేదు, పొంతన చూసే అష్టకూటాల్లోనూ లేదు. గత శతాబ్దంలో పాశ్చాత్యులే దానికి వృశ్చిక రాశిని అప్పగించి, వృశ్చికం ఎనిమిదో రాశి కాబట్టి అష్టమంతో ముడిపెట్టారు. అందుచేత నీ వ్యాసంలో "మన పెద్దలు చెప్పినట్టు" అన్నది తీసెయ్. లేకపోతే పాఠకులు దీన్ని అష్టమ కుజుడితో కలిపేసుకుని కుజదోషం లెక్కలోకి దిగుతారు.

ఇక అసలు సంగతి. ప్లూటో సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు 248 ఏళ్లు పడుతుంది. పాశ్చాత్యులు వాడే సాయన లెక్కలో 1983-84 నుంచి 1995 దాకా వృశ్చికంలోనే ఉంది. అంటే ఆ పన్నెండేళ్లలో పుట్టినవాళ్లందరికీ ప్లూటో ఒకే రాశిలో ఉంటుంది. వయసులో రెండు మూడేళ్ల తేడా ఉన్న ఏ జంటను తీసుకున్నా ఇద్దరి ప్లూటోలూ కొన్ని డిగ్రీల దూరంలోనే కనిపిస్తాయి. చాలామంది కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే.

నీ వ్యాసంలోలాంటి ఒక జంటను ఊహించుకుందాం. అతను 1989 నవంబరులో పుట్టాడు, ప్లూటో వృశ్చికం 15 డిగ్రీల్లో ఉంది. ఆమె 1992 ఏప్రిల్ మొదట్లో హైదరాబాద్‌లో సూర్యోదయమైన కాసేపటికి పుట్టింది. లగ్నం మేషం 26, చంద్రుడు వృషభం 17, ప్లూటో వృశ్చికం 22. అతని ప్లూటోకి ఎదురుగా, రెండు డిగ్రీల తేడాలో ఆమె చంద్రుడున్నాడు. సినాస్ట్రీ, అంటే ఇద్దరి జాతకాలూ కలిపి చూసేవాళ్లు దీన్ని గట్టి దృష్టి అంటారు. ప్లూటోకి మూడు డిగ్రీల లోపు తేడా ఉంటే గట్టిదిగా తీసుకో, ఐదు దాటితే వదిలెయ్యమని నా సలహా. ఇంతవరకూ నువ్వు రాసింది సరే. కానీ ఆమె జాతకంలోనే చంద్రుడికి ఆమె సొంత ప్లూటో ఐదు డిగ్రీల తేడాలో ఎదురుగా ఉంది కదా! అతను కాకుండా ఆ ఈడు కుర్రాడు ఇంకెవరు వచ్చినా ఈ దృష్టి ఏదో మోతాదులో కనబడుతుంది. జ్యోతిష్కుల భాషలో చెప్పాలంటే, గాఢంగా అల్లుకుపోవడం, చేయి జారిపోతుందేమోనన్న భయం ఆమె తనతోపాటు తెచ్చుకున్నవి. అతను వాటిని తట్టి లేపుతాడు, అంతే. నువ్వు మాత్రం మొత్తం నేరం అతని నెత్తిన పెట్టావు.

అందుకని వరస మార్చు. మొదట ఒక్కొక్కరి జాతకంలో చంద్రుడు, శుక్రుడు, రవి, కుజుడు తమ సొంత ప్లూటోతో ఎలా ఉన్నారో చూడు. ఆ తర్వాతే ఒకరి ప్లూటోను ఇంకొకరి గ్రహాల మీద పెట్టు. సొంత జాతకంలో లేని దృష్టి ఇద్దరినీ కలిపినప్పుడు మాత్రమే కనిపిస్తే, అది ఈ జంటకు ప్రత్యేకమైనది. వయసులో పదేళ్ల తేడా ఉన్న జంటల్లో ఇలాంటివి తేలిగ్గా దొరుకుతాయి.

భావం, అంటే గ్రహం పడే ఇల్లు, దగ్గరకొస్తే ఇంకా జాగ్రత్త కావాలి. అదే అమ్మాయి చక్రంలో మేష లగ్నం నుంచి రాశికో భావం చొప్పున లెక్కిస్తే వృశ్చికం అష్టమం, అతని ప్లూటో అందులో పడుతుంది. పాశ్చాత్యులు ఇళ్లను విభజించే ప్లాసిడస్ పద్ధతిలో అష్టమం మొదలయ్యేది వృశ్చికం చివరి డిగ్రీల్లో, కాబట్టి 15లో ఉన్న ప్లూటో సప్తమంలోనే ఉండిపోతుంది. నక్షత్రాలను బట్టి చూసే మన లెక్క కోసం లాహిరి అయనాంశ దాదాపు 24 డిగ్రీలు తీసేస్తే లగ్నం మేషంలోనే మిగులుతుంది, ప్లూటో మాత్రం తులలోకి, అంటే సప్తమంలోకి వస్తుంది. పైగా లగ్నం సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. అమ్మమ్మ "పొద్దున్నే పుట్టింది" అని చెప్పిన సమయం అరగంట అటూ ఇటూ అయితే భావం మారిపోవచ్చు. చంద్రుడికీ ప్లూటోకీ మధ్య దూరం మాత్రం ఏ అయనాంశలోనైనా అదే, పుట్టిన సమయం అరగంట తప్పినా చంద్రుడు కదిలేది పావు డిగ్రీకి కాస్త ఎక్కువే. నీ తీర్పుకు దృష్టిని పునాది చేసుకో, భావాన్ని పక్క సాక్ష్యంగానే వాడు. ఏ పద్ధతిలో లెక్క కట్టావో వ్యాసం మొదట్లోనే చెప్పు.

అనుమానం, అధికారం చెలాయించడం గురించి రాసేటప్పుడు గ్రహాన్ని బట్టి మాట మార్చాలి. ప్లూటో చంద్రుణ్ణి తాకితే ఎదుటివాళ్ల మనసులో ఏముందో తవ్వి తీయాలన్న తపన అంటారు. "ఏమీ లేదు" అన్న జవాబుతో వాళ్లు ఊరుకోరు. శుక్రుణ్ణి తాకితే అసూయ, దానికి తోడు డబ్బు, ఎందుకంటే శుక్రుడు ప్రేమకీ సంపదకీ రెంటికీ కారకుడు. ప్లూటో ఉన్నవాళ్లే ఎప్పుడూ పట్టు బిగిస్తారని అనుకోకు. చంద్రుడున్న వైపు వాళ్లే ఫోన్ తీసి చూసే సందర్భాలూ ఉంటాయని అనుభవమున్న జ్యోతిష్కులు చెబుతారు.

ఉమ్మడి వనరుల మీద నువ్వు రెండే వాక్యాలు రాశావు. నా దృష్టిలో పాఠకుడికి పనికొచ్చేది అదే, అక్కడ చోటు పెంచు. "ఆర్థిక ఒడిదుడుకులు" లాంటి మాట ఎవరికీ ఉపయోగపడదు. అష్టమం బలంగా ఉన్న జంటను ఏం అడగాలో రాయి. ఇంటి లోనులో ఇద్దరూ సహ రుణగ్రహీతలేనా? ఒకరు కట్టడం మానేస్తే బ్యాంకు రెండోవాళ్ల దగ్గర మొత్తం బాకీ అడగొచ్చని వాళ్లకు తెలుసా? ఆమె పుట్టింటి బంగారం ఎవరి పేరున లాకర్లో ఉంది? జీతం పడ్డ వెంటనే ఎవరి ఖాతాలోకి వెళ్తోంది? ఓటీపీ ఎవరి ఫోనుకొస్తోంది? ఇద్దరిలో ఒకరికి ఈ జవాబులు తెలియకపోతే, జ్యోతిష్కులు అష్టమం అని పిలిచే సమస్య ఆ ఇంట్లో ఉన్నట్టే. దానికి పరిష్కారం నెలకోసారి ఇద్దరూ కూర్చుని పాస్‌బుక్కులు ముందేసుకోవడమే. పరిహార పూజ చెప్పినా, ఇది చెప్పకుండా వదలకు.

ఇవన్నీ జ్యోతిష్కులు చెప్పేవి, శాస్త్రీయంగా రుజువైనవి కావు. కాబట్టి "అవుతుంది" అని కాకుండా "అంటారు" అని రాయి. ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకు. కొట్టడం, జీతం లాక్కోవడం, ఇంట్లోంచి కదలనివ్వకపోవడం ప్లూటో గాఢత కాదు, హింస. అలాంటి ఉత్తరం వస్తే జాతకం తీయొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వు.

వ్యాసం తిరగరాసి పంపు. ఈసారి ఇద్దరి పుట్టిన సమయాలూ, అవి ఆసుపత్రి కాగితంలోవా, ఇంట్లోవాళ్లు చెప్పినవా అన్నదీ పక్కన రాయి.

నీ మేలు కోరే
అన్నయ్య