బ్రేకప్ తర్వాత ఖాళీ అయిన గంట

ప్రశ్న: బ్రేకప్ అయ్యాక ఒక్కడినే ఉండలేకపోతున్నాను. వెంటనే ఇంకొకరు కావాలనిపిస్తోంది. నాతో నేను హాయిగా ఉండటం సాధ్యమేనా?

సాధ్యమే, అయితే రోజంతటినీ కాకుండా ఆ మనిషితో గడిపిన వేళలను ముందుగా మీవి చేసుకోవాలి. రోజూ ఒకే సమయానికి మాట్లాడటం అలవాటైతే, మనిషి వెళ్లిపోయినా ఆ వేళకు మనసు ఎదురుచూస్తూనే ఉంటుంది. అప్పుడు కొత్తవారు పరిచయమైతే, నచ్చింది వాళ్లా, లేక ఖాళీ నిండటమా అన్నది తేల్చుకోవడం కష్టం.

ఉదాహరణకు, రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మాట్లాడే అలవాటున్న వ్యక్తిని తీసుకోండి. ఆ వేళకు ఫోను వేరే గదిలో పెట్టి, చేతులకు పని చెప్పాలి. మర్నాటి కూరగాయలు తరగడమో, దోసెల పిండి రుబ్బడమో చాలు. టీవీ అంతగా పనిచేయదు, కళ్లు దాని మీద ఉన్నా ఆలోచన పాత చోటికే పోతుంది. మొదట్లో చెయ్యి ఫోను కోసం వెతుకుతుంది, ఆ తహతహ పెరిగి, కాసేపటికి తగ్గుతుంది. ఏదో ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటిన సంగతి పది గంటలకు గానీ గుర్తురాకపోతే, పట్టు సడలినట్టే.

ఒంటరిగా ఉండటమంటే తలుపేసుకుని కూర్చోవడమని చాలామంది పొరపడతారు. గదిలో పాత ఫొటోలు తిరగేస్తూ కూర్చున్నా గడిపేది ఆ మనిషితోనే. స్నేహితులను కలవడం మానక్కర్లేదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా దెబ్బతింటే మాత్రం ఈ చిట్కాలు సరిపోవు, డాక్టరును కలవాలి.