H2O2లో ఆక్సీకరణం చెందేది ఏది?

"అన్నా, మాది తిరుపతి, ఇంటర్. KMnO4తో H2O2 చర్యలో ఆక్సిజన్‌కి అన్నిచోట్లా -2 వేస్తే లెక్క కుదరడం లేదు. ఆక్సీకరణం చెందేది ఏది?"

తమ్ముడూ, చిక్కంతా ఆ -2 దగ్గరే ఉంది. H2O2లో ఆక్సిజన్‌కి -2 వేస్తే హైడ్రోజన్‌కి +2 రావాలి. దానికున్నదే ఒక్క ఎలక్ట్రాన్, +2 ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే హైడ్రోజన్‌కి ముందు +1 వేసెయ్. రెండు ఆక్సిజన్లకూ కలిపి -2 మిగులుతుంది, అంటే ఒక్కోదానికి -1. పెరాక్సైడ్లన్నిటికీ ఇంతే.

```
2KMnO4 + 3H2SO4 + 5H2O2 → K2SO4 + 2MnSO4 + 8H2O + 5O2
```

KMnO4లో పొటాషియం +1, నాలుగు ఆక్సిజన్లు -8, కాబట్టి మాంగనీస్ +7. MnSO4లో సల్ఫేట్‌ని విడగొట్టకు, మొత్తంగా -2 అనుకో. మాంగనీస్ +2 వచ్చేస్తుంది. ఏడు నుంచి రెండుకి దిగింది కాబట్టి అది క్షయకరణం చెందింది. పెరాక్సైడ్ ఆక్సిజన్ మాత్రం -1 నుంచి O2లో 0కి ఎక్కింది. ఆక్సీకరణం చెందిన పదార్థం H2O2, ఇక్కడ అదే క్షయకరణి. చాలామంది ఈ రెండు పేర్లనూ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకుంటారు.

సరిచూసుకో: రెండు మాంగనీస్‌లు తీసుకున్నవి 10 ఎలక్ట్రాన్లు, పది ఆక్సిజన్లు వదిలినవీ 10. పర్మాంగనేట్‌లోని ఆక్సిజన్లను ఇందులో కలపకు, అవి -2లోనే ఉండి నీటిలోకి పోతాయి. ల్యాబ్‌లో అయితే ఊదా రంగు పోయి బుడగలు వస్తాయి, ఆ బుడగలే ఈ O2.

అన్నట్టు, KI మీద ఇదే H2O2 ఆక్సీకరణిగా పనిచేస్తుంది. పేరు చూసి కాదు, సంఖ్య చూసి రాయి.