సీసా మారితే కొలత కూడా మారాలి

నరసన్నపేట

అమ్మలూ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. "పాత సిరప్ అయిపోయింది పెద్దనాన్నా, షాపులో అదే జ్వరం మందు ఇచ్చారు, డాక్టరుగారు చెప్పినట్టే 5 ఎం.ఎల్. వేశాను" అన్నావు. సీసా మీద ఏముందో చదవమంటే 250 అన్నావు. పాత సీసా మీద ఉన్నది 125. మందు అదే, పారాసెటమాలే. షాపతను అబద్ధం చెప్పలేదు. కానీ కొత్త సీసాలో మందు రెట్టింపు చిక్కగా ఉంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే మళ్లీ అర్ధరాత్రి బాబుకి జ్వరం వచ్చినప్పుడు గుర్తుండదు. ఇది ఫ్రిజ్ మీద అంటించుకో.

ముందు లెక్క చూడు. పారాసెటమాల్ పిల్లలకు ఒక్క డోసుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మీవాడు 10 కిలోలు కాబట్టి ఒక్కసారికి 100 నుంచి 150 ఎం.జి. సరిపోతుంది. పాత సిరప్ 5 ఎం.ఎల్.లో 125 ఎం.జి. ఉంది, డాక్టరుగారు అందుకే 5 ఎం.ఎల్. రాశారు. కొత్త సీసాలో అదే 5 ఎం.ఎల్.లో 250 ఉంది. వాడికి కావలసిన 125 అందులో 2.5 ఎం.ఎల్.లోనే వచ్చేస్తుంది. అంటే డాక్టరు చీటీలో రాసిన '5 ఎం.ఎల్.' అన్నది ఆ పాత సీసాకే గాని అన్ని సీసాలకూ కాదు. ఇకమీదట చీటీ రాయించుకునేటప్పుడు "ఎన్ని ఎం.జి. ఇవ్వాలండీ?" అని కూడా అడిగి రాయించుకో. సీసా మారినా ఆ అంకె మారదు.

ఒక్కసారి రెట్టింపు పడితే లివర్ దెబ్బతినేంత ఎక్కువ కాదు, అందుకే రాత్రి నిన్ను టెన్షన్ పడొద్దన్నాను. కానీ నువ్వు నాకు ఫోన్ చేయకుండా రోజుకు నాలుగుసార్లు అలాగే వేసి ఉంటే రోజుకు 1000 ఎం.జి., కిలోకు 100. రెండు మూడు రోజులు అలా పడితే లివర్ దెబ్బతినవచ్చు. పైగా మొదట్లో కనిపించేవి వాంతులు, తిండి మానేయడం, నీరసం. ఇవి జ్వరంలోనూ ఉండేవే కదా, ఇంట్లో ఎవరూ పోల్చుకోలేరు. ఎప్పుడైనా డోసులు ఎక్కువ పడ్డాయని తెలిస్తే పిల్లాడు హుషారుగా ఉన్నాడు కదా అని ఆగకుండా సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

సీసా చదవడం ఇలా. ముందువైపు పెద్ద అక్షరాలు నమ్ముకోకు. అక్కడ ఉండే 60 ఎం.ఎల్. అన్నది సీసాలో మొత్తం ఎంత ఉందో చెబుతుంది, అంతే. పక్కకు తిప్పితే సన్న అక్షరాల్లో 'ఈచ్ 5 ఎం.ఎల్. కంటెయిన్స్' అని ఇంగ్లీషులో ఉంటుంది. దాని కింద మందు పేరు, ఆ వరుస చివర ఎం.జి. అంకె. ఈ మూడూ కలిపి చదవాలి. మన కళ్లు తిన్నగా చివరి అంకె మీదకు పోతాయి, మొదటి ముక్క దాటిపోతాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చంటిపిల్లల డ్రాప్స్ ఉంటాయి చూశావా, 15 ఎం.ఎల్. చిన్న సీసాలు, వాటి మీద సాధారణంగా 'ఈచ్ ఎం.ఎల్.' అని ఉంటుంది, పక్కన 100 ఎం.జి. అంకె చూస్తే 125 కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అది ఒక్క ఎం.ఎల్.కే. అదే 5 ఎం.ఎల్. పోస్తే 500 ఎం.జి., పెద్దవాళ్లు వేసుకునే మాత్రంత. డ్రాప్స్‌ని ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తో తప్ప దేనితోనూ వేయకూడదు.

మందు పేరు కింద రెండో పేరు కూడా ఉంటే అది రెండు మందులు కలిపిన సిరప్. కొన్ని జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది. అలాంటిది వేస్తూ విడిగా జ్వరం సిరప్ వేయకు, డాక్టరుని అడిగాకే.

ఇక చెంచా సంగతి. ఇది నా మనసులో ఉండిపోయిన విషయం. పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా చేరిన కొత్తలో నేనూ అందరిలాగే "ఒక చెంచా వేయమ్మా" అని చెప్పి సీసా చేతికిచ్చేవాణ్ని. ఒకావిడ రెండు రోజులకే సీసా ఖాళీ అయిపోయిందని మళ్లీ వచ్చింది. నాకు అనుమానం వచ్చి, ఏ చెంచాతో వేస్తున్నావో తీసుకురమ్మన్నాను. అన్నం తినే స్టీలు చెంచా తెచ్చింది. నీళ్లు పోసి సిరంజితో లాగి కొలిస్తే 9 ఎం.ఎల్. వచ్చింది. నేను 5 అనుకుని చెప్పాను, ఆవిడ 9 వేస్తోంది. తప్పు ఆవిడది కాదు, చెంచా అన్నది నేను. ఆ రోజు ఇంటికెళ్లి మీ పెద్దమ్మ వంటింట్లో ఉన్న టీ చెంచాలన్నీ కొలిచాను. ఒకటి 3, ఒకటి 4, ఒకటి 6 దాటింది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. తరవాత ఎవరికీ 'చెంచా' అని చెప్పలేదు.

తక్కువ పట్టే చెంచా అయితే ఇంకో రకం ఇబ్బంది. మందు చాలక జ్వరం తగ్గదు, తల్లి గంటకే మళ్లీ ఇంకో చెంచా వేస్తుంది. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఉండాలి. 24 గంటల్లో నాలుగుసార్లు మించకూడదు.

సీసాతో వచ్చిన గీతల మూత మంచిదే, కానీ చేతిలో ఎత్తి పట్టుకుని పోస్తే వంకరగా కనబడుతుంది. బల్ల మీద పెట్టి, నువ్వు వంగి గీతకి కన్ను సమానంగా పెట్టి చూడు. వేరే సీసా మూత దీనికి వాడకు. కొన్ని మూతలు నిండా పోస్తే 10 ఎం.ఎల్. పడుతుంది, కొన్నింటికి 15. పైగా నీకు కావలసింది 2.5. మూతల్లో ఆ గీత అడుగునే ఉంటుంది, సరిగా ఆనదు, చిక్కటి మందు గోడలకే అంటుకుపోతుంది. అందుకే నీకు సిరంజి మేలు. షాపులో 5 ఎం.ఎల్. సిరంజి కొని, సూదీ దాని చిన్న తొడుగూ అక్కడికక్కడే తీసి పారేయించు. ఆ తొడుగు పిల్లల గొంతులో ఇరుక్కునే సైజు. మందు లాగాక బుడగలు పోయేలా చూసుకుని, వాణ్ని కూర్చోబెట్టి బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా వదులు. తిన్నగా గొంతులోకి కొట్టకు, పొలమారుతుంది.

సీసా మీద 'సస్పెన్షన్' అని ఉంటే కుదపకుండా వేయొద్దు. అందులో మందు పొడి నీళ్లలో తేలుతూ ఉంటుంది, నిలవ ఉంటే అడుగుకు దిగిపోతుంది. కుదపకపోతే మొదటి డోసులు పలచగా, చివరి డోసులు చిక్కగా పడతాయి. అప్పుడు నువ్వు 2.5 ఎంత సరిగ్గా కొలిచినా అందులో 125 ఉండదు. వెలుతురుకి ఎదురుగా పెట్టి అడుగున తెల్లటి పొర కనబడనంతవరకు కుదిపి, వెంటనే లాగు.

ఆదివారం మీ పెద్దమ్మ రాజాం వస్తోంది. రెండు సిరంజీలు పంపిస్తున్నాను. ఒకదాని మీద 2.5 దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను, అది ఇప్పుడున్న 250 సీసాకి మాత్రమే. ఆ సీసా అయిపోయిన రోజున చుక్క గీకేసి, కొత్త సీసా పక్కన సన్న అక్షరాలు ఫోటో తీసి నాకు పంపు. లెక్క చూసి చెబుతాను, ఎంత రాత్రయినా సరే.

మీ పెద్దనాన్న